టీ కొట్టు నుంచి పదో తరగతికి: లెక్క నోట్లో వస్తోంది, పేపర్ మీద రావట్లేదు

గాజుగ్లాసు
అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. 2004 సంగతి. నాన్న మంచాన పడ్డాడు, అమ్మ కూలి డబ్బులు మందులకే సరిపోయేవి, టీ కొట్టు ఆయన దగ్గర ఇంట్లో అడ్వాన్సు తీసుకున్నారు, వేసవి సెలవుల్లో నేను పనిచేసి తీర్చేద్దామన్నది లెక్క. జూన్‌లో బడి తెరిచేసరికి ఆ అడ్వాన్సు తీరలేదు, తీరేలోపు ఇంకోటి తీసుకున్నారు. ఎవరూ నన్ను బడి మానెయ్యమనలేదు, నేనూ మానేస్తానని చెప్పలేదు, వెళ్లడం ఆగిపోయింది అంతే. తెల్లవారుజామున పొయ్యి వెలిగించడం, రెండు బకెట్ల నీళ్లలో గ్లాసులు కడగడం, తర్వాత వైరు స్టాండులో గ్లాసులు పెట్టుకుని చుట్టుపక్కల షాపులకు తిప్పడం. ఎవరికి చక్కెర తక్కువ, ఎవరి ఖాతాలో ఎంత ఉంది, అంతా బుర్రలోనే ఉండేది.

ఇప్పుడు నాదే ఒక కొట్టు ఉంది. ఈమధ్య ఒక ఆఫీసులో క్యాంటీన్ చూసుకునే పని వచ్చేలా ఉంది, పదో తరగతి మెమో అడిగారు. అందుకని ఓపెన్ స్కూల్లో పదికి కట్టాను. తెలుగు, ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్, సోషల్. ఆదివారాలు క్లాసులకు వెళ్తున్నాను.

మొన్న మోడల్ టెస్టు పెట్టారు. మ్యాథ్స్‌లో చాలా వాటికి జవాబు కరెక్టే రాశాను, మార్కులు మాత్రం బొటాబొటి. 'స్టెప్పులేవి?' అని ఎర్ర పెన్నుతో రాశారు. స్టెప్పులు నాకు తెలిస్తే కదా, జవాబు బుర్రలో వచ్చేస్తుంది. సోషల్‌లో చదివింది గుర్తుంది కానీ చెయ్యి కదలదు, మూడు గంటలు అయిపోయేసరికి సగం పేపరు మిగిలింది.

మ్యాథ్స్ తీసేసి వేరే సబ్జెక్టు పెట్టుకోవచ్చని పక్క బెంచీ ఆయన అంటున్నాడు. తీసెయ్యాలా, ఉంచాలా? రాతకు ఏం చెయ్యాలి?

పద్మావతి_పిన్ని
అయ్యో, ఆరో తరగతి పిల్లాణ్ణి టీ కొట్టులో పెట్టారా! వెంటనే 1098కి ఫోన్ చెయ్యండి, పిల్లల హెల్ప్‌లైన్, ఎప్పుడైనా ఎత్తుతారు. ఊరు, కొట్టు వివరాలు చెబితే చాలు. పేరు బయటకు రానివ్వరు.

గాజుగ్లాసు
పిన్నిగారూ, ఆ పిల్లాణ్ణి నేనేనండి. ఇప్పుడు ముప్ఫై దాటాయి. మీరన్న నంబరు మా కొట్టు గోడ మీద కూడా అంటించి ఉంది లెండి.

పద్మావతి_పిన్ని
సారీ నాయనా, మొదటి నాలుగు ముక్కలు చదివి కంగారు పడ్డాను.

బుల్లెట్_రాజు
బ్రో, మ్యాథ్స్ తీసెయ్. ఓపెన్‌లో ఒక్క సబ్జెక్టు పోతే మళ్లీ అన్నీ రాయాలి, మా కజిన్‌కు అలాగే అయింది. అసలు ఓపెన్ టెన్త్ మెమో చాలాచోట్ల చెల్లదు కూడా. అంత అర్జెంటు అయితే రాసిపెట్టేవాళ్లుంటారు, సెంటర్ చుట్టూ తిరుగుతూనే ఉంటారు.

ఆదివారం_మాస్టారు
రాజుగారూ, మీరు చెప్పినవాటిలో నిజమైంది ఒక్కటే, మ్యాథ్స్ లేకుండా కూడా పది పూర్తి చెయ్యొచ్చు. మిగతావి తప్పు. ఓపెన్ స్కూల్లో పాసైన సబ్జెక్టు పాసైనట్టే, అది మీ ఖాతాలో ఉండిపోతుంది. ఒకసారి రిజిస్ట్రేషన్ చేస్తే అయిదేళ్లు చెల్లుతుంది, అంతలోపు పబ్లిక్ పరీక్షకు తొమ్మిది అవకాశాలు ఉంటాయి. పోయిన సబ్జెక్టు ఒక్కటే మళ్లీ కడతారు. మీ కజిన్ అయిదేళ్లు దాటాక వెళ్లి ఉంటాడు, అప్పుడైతే మొదటినుంచి రావలసిందే. మెమో కూడా మామూలు పదో తరగతితో సమానమే. రాసిపెట్టే బేరగాళ్ల విషయం ఇక్కడ ఎత్తకండి. హాల్లో దొరికితే ఇద్దరి మీదా మాల్‌ప్రాక్టీస్ కేసు పడుతుంది, అంతవరకూ పాసైనవాటికీ ఎసరు వస్తుంది.

గాజుగ్లాసుగారూ, నేను చాలాకాలం ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్లో మ్యాథ్స్ చెప్పాను. మీకు లెక్కలు వచ్చు, రానిది వాటిని పేపర్ మీద పెట్టడం. ఈ రెండూ వేరు. ముందు ఒకటి అడుగుతాను. టీ పన్నెండు రూపాయలు అనుకోండి. ఒక షాపుకు పద్దెనిమిది టీలు వెళ్లాయి. ఎంతయింది? జవాబు తర్వాత, బుర్రలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయండి.

గాజుగ్లాసు
216. పది టీలు 120. మిగిలినవి ఎనిమిది, 96. రెండూ కలిపితే 216. ఇందులో ఆలోచించడానికి ఏముంది మాస్టారూ, రోజూ చేసేదే.

ఆదివారం_మాస్టారు
అదిగో, మూడు స్టెప్పులు రాసేశారు. అవే పేపర్ మీద పెట్టండి:

18 × 12 = (10 × 12) + (8 × 12) = 120 + 96 = 216

మీ పేపరు దిద్దినాయనకు కనిపించాల్సింది ఈ లైనే. ఒకటి కింద ఒకటి వేసి గుణించే బడి పద్ధతి మీకు రాకపోవచ్చు, దాంతో పని లేదు. సరైన దారిలో వెళ్లినట్టు కనిపిస్తే చాలు, మార్కు ఇస్తాం.

నల్లబల్ల
మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. బ్రెజిల్లో వీధుల్లో కొబ్బరికాయలు, పండ్లు అమ్మే పిల్లల మీద చేసిన ఒక పరిశీలన 1985లో అచ్చయింది. మామూలు కొనుగోలుదారుల్లా వెళ్లి, ఇన్ని కాయలు ఎంత, నోటు ఇస్తే చిల్లర ఎంత అని అడిగారు. పిల్లలు నూటికి 98 సరిగ్గా చెప్పారు. తర్వాత అవే లెక్కల్ని ఊరికే అంకెలుగా, పేపరు, పెన్సిలు ఇచ్చి చెయ్యమంటే నూటికి 37 దగ్గర ఆగిపోయారు. ఒక కుర్రాణ్ణి పది కాయలు ఎంత అని అడిగితే మూడు కాయల ధర పట్టుకుని, దాన్ని మూడుసార్లు కూడి, ఇంకో కాయ కలిపి చెప్పాడు. పదితో గుణిస్తే సున్నా చేర్చాలన్న బడి పద్ధతి వాడు వాడలేదు, వాడికి అవసరమూ పడలేదు. మీ 18 టీల లెక్క సరిగ్గా అలాంటిదే.

ఇంకో సంగతి, మీరు 2004 అన్నారు కాబట్టి. నేను అప్పట్లో బడి మానేసిన పిల్లల కోసం నడిపే బ్రిడ్జి క్యాంపులో పనిచేశాను. 1986 బాలకార్మిక చట్టం మొదట్లో ప్రమాదకరమైన పనులనే నిషేధించింది, టీ కొట్లు ఆ జాబితాలో లేవు. 2006 అక్టోబరు 10 నుంచి ఇళ్లలో పని, హోటళ్లు, ధాబాలు, టీ కొట్లు కూడా చేర్చారు, పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పెట్టుకుంటే నేరం. మీకు అప్పుడు పన్నెండో పదమూడో ఉండాలి. ఎవరూ రాలేదా?

గాజుగ్లాసు
వచ్చారు సార్. జీపులో వచ్చి బోర్డు తగిలించి వెళ్లారు. దాని తర్వాత మా ఓనరు నన్ను రోడ్డు వైపు నిలబడొద్దన్నాడు, వెనక గ్లాసులు కడగడం, ఫ్లాస్కుతో మేడ మీద ఆఫీసులకు ఇచ్చి రావడం. ఎవరైనా అడిగితే పదిహేను అని చెప్పమన్నాడు. పొడుగ్గా ఉండేవాణ్ణి, నమ్మేవాళ్లు. క్యాంపు గురించి ఎవరో ఒకాయన అమ్మతో మాట్లాడాడు కూడా. కానీ నేను వెళ్తే అడ్వాన్సు ఎవరు తీరుస్తారన్నదే ప్రశ్న.

ఆయన చెడ్డవాడు కాదు. కొట్టలేదు, అన్నం పెట్టేవాడు, ఖాతా పుస్తకం రాయడం ఆయనే నేర్పాడు.

నల్లబల్ల
మంచివాడో చెడ్డవాడో అన్నది నా ప్రశ్న కాదు. చట్టం ప్రకారం ఆ అడ్వాన్సుకు పిల్లాడి పనిని జమ వేసుకోవడమే తప్పు. మా క్యాంపులో చూసింది ఏమిటంటే, పిల్లాణ్ణి తీసుకురావడం తేలిక, ఇంట్లో ఆ అప్పు సంగతి తేల్చకపోతే నెలలోపే వెనక్కి వెళ్లిపోతాడు. బడికి రాని ప్రతి పిల్లాడూ పనిలో ఉన్నట్టే లెక్కగట్టాలని పిల్లల్ని పని మాన్పించి బడికి పంపే శాంతా సిన్హాగారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు అనేవాళ్లు, అప్పట్లో మాకు అతి అనిపించేది.

శ్రీలత_కె
ఓనరు మంచివాడే అనే మాట నాకూ మింగుడుపడదు తమ్ముడూ, అయినా అది నీ సంగతి, వదిలేస్తున్నాను. రాత విషయం నేను చెప్తాను, ఎందుకంటే నాదీ అదే బాధ. తొమ్మిదిలో పెళ్లి చేసేశారు, పిల్లలు పెద్దయ్యాక ఓపెన్‌లో పది, ఇంటర్ రాశాను. చదవడం ఇబ్బంది లేదు, రోజూ పేపరు చదివేదాన్ని. పెన్ను పట్టి అరగంట రాసేసరికి బొటనవేలి కింద తిమ్మిరెక్కేది. పైగా వొత్తులు. చదివేటప్పుడు వొత్తు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి బాధ లేదు, రాసేటప్పుడు అది మనకు గుర్తు రావాలి కదా. 'స్వాతంత్ర్యం' అన్న మాట రాయడానికి ఆగి ఆగి రాసేదాన్ని, ఆ ఒక్క మాట దగ్గర జవాబంతా మర్చిపోయేదాన్ని.

నేను చేసింది చెప్తాను. రోజూ పదే పది నిమిషాలు, గడియారం పెట్టుకుని, చూసి రాయడం కాదు, నాకు తెలిసిన విషయం మనసులో చెప్పుకుంటూ రాయడం. చూసి రాస్తే చెయ్యి మాత్రమే కదులుతుంది, పరీక్షలో ఆలోచిస్తూ రాయాలి కదా. చివర్లో లైన్లు లెక్కపెట్టి పక్కన వేసుకునేదాన్ని. మొదటి వారం పెద్ద తేడా కనిపించదు, భయపడకు. పెన్ను గట్టిగా నొక్కితే వెనక పేజీలో గాట్లు పడతాయి, ఆ గాట్లు తగ్గుతున్నాయో లేదో చూసుకో, తగ్గితే చెయ్యి వదులైనట్టే.

ఇంకోటి, కళ్లు ఒకసారి చూపించుకో. పొయ్యి ముందు ఇన్నేళ్లు ఉన్నావు.

గాజుగ్లాసు
అక్కా, ఆ గాట్లు నా పుస్తకంలో మూడు పేజీల దాకా ఉన్నాయి 😄 వొత్తుల సంగతి అచ్చం నాదే. నా ఖాతా పుస్తకంలో పేర్లు కూడా పూర్తిగా రాయను. మెడికల్ షాపాయన 'మె', టైలరు 'టై', పక్కన టీకొక గీత, నాలుగు గీతలయ్యాక అడ్డంగా ఒకటి. నెలాఖరుకు గీతలు లెక్కపెట్టి మొత్తం వేస్తాను. అంతే నేను ఇన్నేళ్లు రాసింది.

ఆదివారం_మాస్టారు
ఆ పుస్తకాన్నే వాడుకోండి. రోజూ రాత్రి కొట్టు కట్టేశాక ఒక్క ఖాతా తీసుకుని పూర్తి వాక్యాల్లో రాయండి. 'టైలరుగారు ఈ వారం ముప్ఫై ఒక్క టీలు తీసుకున్నారు. టీకి పన్నెండు రూపాయల చొప్పున 31 × 12 = 372 రూపాయలు. రెండు వందలు ఇచ్చారు. 372 − 200 = 172 రూపాయలు ఇంకా ఇవ్వాలి.' దీంట్లో రాత అలవాటవుతుంది, స్టెప్పు అలవాటవుతుంది. వొత్తు తప్పు పోతే ఎర్రగా గుర్తు పెట్టుకోండి, అక్కడే ఆగి దిద్దకండి.

ఇక మ్యాథ్స్ ఉంచాలా తీయాలా. మీరు భయపడేది కూడికలకు కాదనుకుంటాను, x, y చూస్తే భయం. నిజమేనా?

గాజుగ్లాసు
నిజం మాస్టారూ. అక్షరాలు ఎందుకొచ్చాయో లెక్కలోకి, అక్కడే పేజీ తిప్పేస్తున్నాను.

ఆదివారం_మాస్టారు
అయితే ఇది చెయ్యండి. ఒక బల్ల దగ్గర మూడు టీలు, రెండు కాఫీలు తాగారు, 66 అయింది. పక్క బల్ల దగ్గర ఒక టీ, రెండు కాఫీలు, 42 అయింది. టీ ఎంత, కాఫీ ఎంత? నోటితోనే చెప్పండి.

గాజుగ్లాసు
కాఫీలు రెండు చోట్లా రెండే. మొదటి బల్ల దగ్గర టీలు రెండు ఎక్కువ, డబ్బు 24 ఎక్కువ. అంటే టీ 12. ఒక టీ తీసేస్తే 42లో 30 మిగిలింది, రెండు కాఫీలకు. కాఫీ 15.

సరి చూశాను, మూడు టీలు 36, రెండు కాఫీలు 30, 66 వచ్చింది.

ఆదివారం_మాస్టారు
టీ ధరను x అనండి, కాఫీ ధరను y అనండి. మీరు చేసింది ఇదే:

3x + 2y = 66
x + 2y = 42
రెండోది తీసేస్తే 2x = 24, x = 12
12 + 2y = 42, 2y = 30, y = 15

'కాఫీలు రెండు చోట్లా రెండే' అన్నారు చూడండి, పదో తరగతి పిల్లలకు ఆ మాట పట్టుబడటానికి నాకు చాలా క్లాసులు పట్టేవి. చివర్లో అడక్కుండానే సరి చూసుకున్నారు, అది ఇంకా అరుదు.

అలాగని అంతా ఇలా తేలిగ్గా వస్తుందని చెప్పను. శాతాలు, లాభనష్టాలు, రెండు తెలియని రాశుల సమీకరణాలు, సగటు, ఇవి మీ కొట్టులోవే. త్రికోణమితి, జ్యామితిలో నిరూపణలు మాత్రం మీ అనుభవం నుంచి రావు, కొత్తగా కూర్చుని నేర్చుకోవాలి. పాసుకు 35 కాబట్టి మొదట మీ కొట్టులోవి పట్టుకోండి, నిరూపణల జోలికి ఆఖర్న వెళ్లండి.

కోటి_ఎలక్ట్రీషియన్
నా మాట కూడా వినండి. మ్యాథ్స్ తీసెయ్యొద్దు. నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఆ ట్రేడ్‌కు పదిలో మ్యాథ్స్, సైన్స్ ఉండాలి. పాలిటెక్నిక్ వైపు చూసినా మ్యాథ్స్ లేకుండా పని జరగదు. మెమోలో ఆ సబ్జెక్టు లేకపోతే తర్వాత మనసు మారినా తలుపు మూసుకున్నట్టే.

బుల్లెట్_రాజు
అన్నా, ఆయనకు క్యాంటీన్ పనికి మెమో కావాలి, కరెంటు పనికి కాదు. ముప్ఫై దాటాక పాలిటెక్నిక్ ఏంటి. ఎకనామిక్సో, హోం సైన్సో పెట్టుకుని ఒక్క దెబ్బలో పాసైపోతే ఉద్యోగం చేతికొస్తుంది. మ్యాథ్స్ కోసం కూర్చుంటే క్యాంటీన్ వేరేవాడికి పోతుంది. ఇదైనా తప్పంటారా మాస్టారూ?

ఆదివారం_మాస్టారు
ఇది తప్పనను. తొందర ఉన్నవాళ్లకు నేనే మార్పించిన సందర్భాలున్నాయి. అయితే వేరే సబ్జెక్టు అంటే ఇంకో దొడ్డ పుస్తకం, మొత్తం రాత. ఈయనకు వెనకబాటు రాతలోనే ఉంది కదా, మ్యాథ్స్‌లో రాయాల్సిన అక్షరాలు తక్కువ. ఎకనామిక్స్ పెట్టుకుంటే సోషల్‌లో పడ్డ ఇబ్బందే మళ్లీ పడతారు. మార్చుకోవడానికి గడువు ఉంటుంది, అది స్టడీ సెంటర్ కోఆర్డినేటర్ని అడిగితే తెలుస్తుంది.

శ్రీలత_కె
నేను మ్యాథ్స్ తీసేసే పాసయ్యాను. నాకు ఇంటర్‌లో ఆర్ట్స్ గ్రూపే కావాలి కాబట్టి ఏ నష్టమూ రాలేదు. కాకపోతే మా అబ్బాయి ఎనిమిదిలో లెక్క అడిగినప్పుడు మాత్రం వాళ్ల నాన్నను చూపించాల్సి వచ్చేది.

ఒక కిటుకు చెప్తాను, సోషల్‌కి. పేపరు ఇవ్వగానే వరుసగా రాయకు. ముందు ఒకటి రెండు మార్కులవి, అవి అయిపోయాక బాగా వచ్చిన పెద్దవి. రాని ప్రశ్న దగ్గర పెన్ను పెట్టి కూర్చుంటే గంట కరిగిపోతుంది. ప్రశ్న నంబరు మాత్రం సరిగ్గా వెయ్యి, వరుస తప్పినా పర్వాలేదు.

నల్లబల్ల
నేనొక ముఖ్యమైన సంగతి అడగాలి, ఎవరూ అడగలేదు. రిజిస్ట్రేషన్‌లో పుట్టిన తేదీ ఏది ఇచ్చారు? పదో తరగతి మెమో మీద పడ్డ తేదీ జీవితాంతం పుట్టినతేదీ రుజువుగా చూస్తారు, తర్వాత మార్చడం మహా తలనొప్పి. మా క్యాంపు పిల్లల్లో చాలామందికి ఆధార్‌లో జనవరి ఒకటి అని ఉంటుంది, తేదీ తెలియనివాళ్లకు అలా వేసేశారు. మీరు చదివిన బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది, రికార్డు షీటు అడిగితే హెడ్మాస్టరు ఇస్తారు. అందులో తేదీ, ఆధార్ తేదీ ఒకటేనా? నాన్నగారి పేరు, ఇంటిపేరు అక్షరాలు కూడా చూసుకోండి.

గాజుగ్లాసు
ఒకటి కాదు సార్. ఆధార్‌లో జనవరి ఒకటే ఉంది, అదే ఇచ్చాను. అమ్మ మాత్రం వినాయక చవితి దాటిన రెండు రోజులకు పుట్టావంటుంది. బడి రిజిస్టరులో ఏముందో చూడలేదు, ఆ బడి మెట్లెక్కి ఇరవై ఏళ్లయింది.

నల్లబల్ల
వెళ్లి చూడండి. హాల్ టికెట్లు రాకముందు నామినల్ రోల్ సరిచూసుకోమని సెంటర్లో అందరికీ చెప్తారు, పేరు, తేదీ సవరణ ఉంటే అప్పుడే ఇవ్వాలి. రికార్డు షీటు తేదీ, ఆధార్ తేదీ రెండూ ఒకటి చేసుకోండి. రెండూ వేరుగా ఉంటే మీ క్యాంటీన్ వాళ్లే మొదట అడ్డు చెప్తారు.

బుల్లెట్_రాజు
బడిలో పాత రిజిస్టర్లు ఉంటాయా అసలు? మా బడిలో అన్నీ చెదలు తిన్నాయి.

నల్లబల్ల
అడ్మిషన్ రిజిస్టరు శాశ్వత రికార్డు, దాచాల్సిందే. చెదలు తింటే ఏం చెయ్యాలన్నది మండల విద్యాధికారి దగ్గర తేలాలి, అక్కడ మాత్రం తిప్పుతారు.

గాజుగ్లాసు
సోమవారం పొద్దున్న రద్దీ తగ్గాక తమ్ముణ్ణి కొట్టులో కూర్చోబెట్టి వెళ్తాను. అప్పటి మాస్టార్లు ఎవరూ ఉండరు కాబట్టి ఎవరని చెప్పుకోవాలో తెలియట్లేదు, ఆరో తరగతి 'బి' సెక్షన్ అని చెబితే చాలనుకుంటా.

మ్యాథ్స్ ఇప్పటికైతే ఉంచుతున్నాను. ఇంకో మోడల్ టెస్టు ఉంది, అది చూసి గడువు లోపల తేల్చుకుంటాను. క్యాంటీన్ వాళ్లు అంతవరకూ ఆగుతారో లేదో రాజు అన్న అడిగినట్టే నాకూ టెన్షన్‌గా ఉంది. మాస్టారూ, టైలరు ఖాతా నిన్న రాత్రి రాశాను, పదకొండు లైన్లు వచ్చింది, 'మొత్తం'లో వొత్తు మర్చిపోయాను. ఇంకో లెక్క ఇవ్వండి, ఈసారి x, y పెట్టి నేనే రాస్తాను.

ఆదివారం_మాస్టారు
లీటరు పాలు, అర లీటరు నీళ్లు కలిపితే మీ గ్లాసుతో పదిహేను టీలు వచ్చాయనుకోండి. నూట యాభై టీలకు పాలెన్ని, నీళ్లెన్ని? ఆ తర్వాత పాలు, నీళ్లు కలిసి ఇరవై ఒక్క లీటర్లు కావాలి, పాలు నీళ్లకు రెట్టింపు ఉండాలి, అయితే పాలెన్ని? మొదటిది నోటితో చేసి రాయండి, రెండోది x, y తో. రెండో దాంట్లో మొదటి సమీకరణం ఏమిటో నాకు చూపించాకే ముందుకెళ్లండి.

గాజుగ్లాసు
మొదటిది పాలు 10, నీళ్లు 5.
రెండోదానికి x + y = 21. పాలు x, నీళ్లు y. ఇంకో సమీకరణం x = 2y అవుతుందా, y = 2x అవుతుందా అని ఇక్కడ ఆగిపోయాను.

శ్రీలత_కె
ఏది ఎక్కువో ముందు చూడు తమ్ముడూ. మాస్టారూ, మీరు చెప్పకండి, ఆయన్నే రాయనివ్వండి.